ఓసీఆర్ చదివిన ఇన్‌వాయిస్ టాలీ కావట్లేదా? తేడాను బట్టి తప్పు పట్టుకోవడం ఎలా

"ఇన్‌వాయిస్ స్కాన్ చేశాం, ఓసీఆర్ అంకెలన్నీ తీసి ఇచ్చింది, కూడితే గ్రాండ్ టోటల్ రావట్లేదు. ఎక్కడని వెతకాలి?" ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. చాలామంది వెంటనే చేసే పని, కాగితం పక్కన పెట్టుకుని మొదటి లైన్ నుంచి చివరి లైన్ దాకా చదువుకుంటూ పోవడం. ఐదు లైన్లుంటే అది నడుస్తుంది. ఎనభై లైన్లుంటే నలభయ్యో లైన్ దగ్గరికొచ్చేసరికి కళ్లు చూస్తాయి కానీ బుర్ర చదవదు.

అంత అవసరం లేదు. ఇన్‌వాయిస్‌లో ప్రతి సంఖ్యకూ రెండో మూడో సాక్ష్యాలుంటాయి. లైన్ అమౌంట్‌కి క్వాంటిటీ, రేటు ఒక సాక్ష్యం, సబ్‌టోటల్ ఇంకో సాక్ష్యం, పన్ను మూడో సాక్ష్యం. ఏ సాక్ష్యం ఒప్పుకుంది, ఏది అడ్డం తిరిగింది, ఎంత తేడా చూపించింది అన్నవి మూడూ కలిపి చూస్తే తప్పు ఏ గడిలో ఉందో, చాలాసార్లు ఏ అంకెలో ఉందో కూడా తెలిసిపోతుంది.

కావలసినవి

- నిటారుగా తీసిన స్కాన్, 300 డీపీఐ ఉంటే మంచిది. అంతకన్నా తగ్గితే 3ని 8 నుంచి వేరుచేసే ఖాళీ మూసుకుపోవచ్చు.
- ఓసీఆర్ ఇచ్చిన అసలు టెక్స్ట్, ఏమీ మార్చకుండా.
- ఒక స్ప్రెడ్‌షీట్, లేదా పైథాన్. రెంటికీ కావలసినవి కింద ఇస్తున్నాను, మీకు అలవాటైనది వాడండి.
- స్కాన్ బొమ్మ, పెద్దది చేసి చూసే వీలుతో.

కింద దశలన్నిటికీ ఒకే ఇన్‌వాయిస్‌ని ఉదాహరణగా తీసుకుందాం. ఓసీఆర్ చదివింది ఇది:

| లైన్ | క్వాంటిటీ | రేటు | అమౌంట్ | పన్ను రేటు |
|---|---|---|---|---|
| 1 | 12 | 145.00 | 1,740.00 | 18% |
| 2 | 40 | 36.50 | 1,460.00 | 18% |
| 3 | 3 | 1,280.00 | 3,340.00 | 18% |
| 4 | 250 | 3.33 | 833.33 | 5% |
| 5 | 7 | 218.75 | 1,531.25 | 18% |

కింది భాగంలో సబ్‌టోటల్ 9,404.58, 18% పన్ను 1,542.83, 5% పన్ను 41.67, రౌండాఫ్ 0.08, గ్రాండ్ టోటల్ 10,989.00. ఇందులో రెండు తప్పులున్నాయి. మీ కంటికి ఇప్పటికే ఒకటి దొరికి ఉండొచ్చు. రెండోది అంత తేలిగ్గా కనపడదు.

1. చదివినది చదివినట్టే గడుల్లో పెట్టండి

ప్రతి సంఖ్యకూ రెండు నిలువు వరుసలు పెట్టుకోండి: ఒకదాంట్లో ఓసీఆర్ ఇచ్చిన అక్షరాలు ఉన్నవున్నట్టుగా, రెండోదాంట్లో దాన్ని సంఖ్యగా మార్చినది. మొదటి వరుసను ఎప్పుడూ ముట్టుకోవద్దు. తర్వాత "ఇక్కడ అసలు ఏమని చదివింది?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది, అప్పుడు జవాబు చెప్పేది అదొక్కటే.

ఈ దశలోనే రెండు జాగ్రత్తలు. ఖాళీగా వచ్చిన గడిలో సున్నా వేయకండి. చదవలేకపోవడం వేరు, సున్నా వేరు. సున్నా వేస్తే కూడిక నిశ్శబ్దంగా నడిచిపోయి, తేడా ఎక్కడో కిందికెళ్లి బయటపడుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. కొన్ని సాఫ్ట్‌వేర్లు అమౌంట్ చదవలేకపోతే క్వాంటిటీని రేటుతో గుణించి తామే ఆ గడి నింపేస్తాయి. అలాంటి సంఖ్యను మీరు మళ్లీ క్వాంటిటీ, రేటులతో సరిచూస్తే ఎప్పుడూ కలుస్తుంది, ఎందుకంటే అది వాటి నుంచే పుట్టింది. దొంగ చేతికి తాళం ఇచ్చి, తలుపు వేసే ఉంది కదా అనుకున్నట్టు. బొమ్మ మీద చదివిన సంఖ్యలనే సరిచూడాలి. లెక్కగట్టి నింపినవి ఏవో గుర్తు పెట్టి వేరుగా ఉంచండి.

2. అక్షరాలను సంఖ్యలుగా మార్చండి, కానీ తొందరపడకండి

వెయ్యిని విడదీసే కామాలు, ఖాళీలు, కరెన్సీ గుర్తులు తీసేయాలి. అన్ని చోట్లా కామా వెయ్యిని విడదీసేది కాదు. `1,234.56` అని రాసే వాళ్లున్నట్టే, అదే సంఖ్యను `1.234,56` అని రాసేవాళ్లూ ఉన్నారు. చివర వచ్చిన గుర్తు తర్వాత రెండే అంకెలుంటే అది దాదాపుగా దశాంశ బిందువే. `1.234` లాగా మూడు అంకెలుంటే మాత్రం వెయ్యి పైచిలుకో, ఒకటిన్నర లోపో ఆ గడిని చూసి చెప్పలేం. ఆ కాగితం మీద మిగతా సంఖ్యలు ఏ పద్ధతిలో ఉన్నాయో చూసి, మొత్తం ఇన్‌వాయిస్‌కి ఒకటే పద్ధతి వాడండి.

బ్రాకెట్లలో ఉన్న సంఖ్య, సంఖ్యకి వెనక వచ్చిన మైనస్, రెండూ రుణ సంఖ్యలే. `(0.08)`, `0.08-` రెండూ −0.08 అవ్వాలి. గుర్తులు తీసేసే పనిలో వీటిని కూడా తుడిచేయడం ఈ దశలో జరిగే పెద్ద పొరపాటు.

స్ప్రెడ్‌షీట్ వాడేవాళ్లు ఇక్కడొకటి తప్పకుండా చూడండి. `1,46O.00` లో సున్నా బదులు ఓ అక్షరం పడితే ఆ గడి సంఖ్య కాదు, టెక్స్ట్. `SUM` టెక్స్ట్ గడులను ఒక్క మాట కూడా అనకుండా వదిలేస్తుంది. అంటే లైన్ ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది, కూడికలో మాత్రం ఉండదు. అందుకే ముందు ఇది వేయండి:

```
=COUNTA(D2:D6)-COUNT(D2:D6)
```

జవాబు 0 రావాలి. 1 వచ్చిందంటే ఒక గడి సంఖ్యగా మారలేదని అర్థం. అన్ని ఓ అక్షరాలనూ ఒకే దెబ్బకి సున్నా చేసేయాలనిపిస్తుంది. సంఖ్యలుండే వరుసల్లో చేయండి, ఫరవాలేదు. వివరాల వరుసలో, ఐటం కోడ్‌లలో చేయకండి.

3. ఎంత తేడాను వదిలేయాలో ముందే నిర్ణయించుకోండి

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పడేది ఇక్కడే. "ఒక శాతం లోపు తేడా ఉంటే సరే" అని పెట్టుకుంటారు. మన ఉదాహరణలో ఒక శాతమంటే దాదాపు 110. అంటే పదుల స్థానంలో ఏ అంకె తప్పు చదివినా అది దాటిపోతుంది. అలాంటి తనిఖీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

సడలింపు శాతంలో కాదు, రౌండ్ చేయడం వల్ల ఎంత తేడా రాగలదో అంతే ఇవ్వాలి. రెండు దశాంశాలకు రౌండ్ చేసిన ఏ సంఖ్యలోనైనా తప్పు 0.005 దాటదు. దీన్నుంచి మిగతావన్నీ వస్తాయి.

లైన్ దగ్గర: కాగితం మీద రేటు 3.33 అని ఉన్నా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లోపల 3.3333 ఉండొచ్చు. ఆ చిన్న తేడా క్వాంటిటీతో గుణించుకుని పెరుగుతుంది. కాబట్టి సడలింపు క్వాంటిటీ × 0.005, దానికి అమౌంట్ రౌండింగ్ కోసం ఇంకో 0.005. నాలుగో లైన్‌లో 250 × 3.33 = 832.50, కాగితం మీద 833.33. తేడా 0.83. అనుమతి 1.255. సరే అన్నట్టే. మూడో లైన్‌కి మాత్రం క్వాంటిటీ 3 కాబట్టి అనుమతి 0.02 మాత్రమే.

నిలువు కూడిక దగ్గర: అచ్చైన అమౌంట్లను కూడితే సబ్‌టోటల్ అచ్చంగా రావాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు రౌండ్ చేయని సంఖ్యలను కూడి, చివర ఒక్కసారే రౌండ్ చేస్తాయి కాబట్టి లైన్ల సంఖ్య × 0.005 ఇవ్వండి. ఐదు లైన్లకి 0.025.

పన్ను దగ్గర: కొందరు పన్నును ప్రతి లైన్‌కీ రౌండ్ చేసి కూడతారు, కొందరు మొత్తం మీద ఒక్కసారే లెక్కిస్తారు. ఏది చేశారో కాగితం చెప్పదు. ఆ రేటు కింద ఉన్న లైన్ల సంఖ్య × 0.005, దానికి ఇంకో 0.005 ఇస్తే రెండు పద్ధతులూ ఇమిడిపోతాయి.

గ్రాండ్ టోటల్ దగ్గర సడలింపు సున్నా. అక్కడ గుణకారం లేదు, అచ్చైన నాలుగైదు సంఖ్యల కూడిక మాత్రమే.

4. అడ్డంగా సరిచూడండి

ప్రతి లైన్‌లో క్వాంటిటీ × రేటు, లైన్ మీద తగ్గింపు ఉంటే తీసేసి, అమౌంట్‌తో పోల్చండి. స్ప్రెడ్‌షీట్‌లో క్వాంటిటీ B, రేటు C, అమౌంట్ D వరుసల్లో ఉంటే:

```
=ROUND(D2-B2*C2,2)
=ABS(B2*C2-D2)<=B2*0.005+0.005
```

మొదటిది తేడా చూపిస్తుంది, రెండోది సరేనా కాదా చెబుతుంది. రెండూ ఉంచుకోండి, తేడా ఎంతో తర్వాత కావాలి.

పైథాన్‌లో అయితే `float` వాడకండి, `Decimal` వాడండి. `round(2.675, 2)` వేసి చూడండి, 2.68 రాదు, 2.67 వస్తుంది. 2.675 ని కంప్యూటర్ ద్విసంఖ్యల్లో అచ్చంగా దాచుకోలేదు కాబట్టి.

```python
from decimal import Decimal as D, ROUND_HALF_UP

def r2(x):
    return x.quantize(D("0.01"), ROUND_HALF_UP)

def line_check(qty, rate, amt):
    diff = amt - qty * rate
    return diff, abs(diff) <= (qty + 1) * D("0.005")

print(line_check(D("3"), D("1280.00"), D("3340.00")))
```

సంఖ్యలను కోట్స్‌లో ఇవ్వడం మరిచిపోకండి. `D(2.675)` అని రాస్తే మళ్లీ అదే తప్పు లోపలికొస్తుంది. `ROUND_HALF_UP` అని ప్రత్యేకంగా చెప్పడానికీ కారణముంది: చెప్పకపోతే `quantize` సరిగ్గా మధ్యలో ఉన్న సంఖ్యను సరి అంకె వైపుకి రౌండ్ చేస్తుంది. మన 18% పన్ను అలాంటిదే. 8,571.25 మీద 18% అంటే 1,542.825. ఒక పద్ధతిలో 1,542.83, ఇంకో పద్ధతిలో 1,542.82.

ఉదాహరణలో 1, 2, 4, 5 లైన్లు సరే. మూడో లైన్‌లో 3 × 1,280 = 3,840, చదివింది 3,340. తేడా −500. క్వాంటిటీ తప్పా, రేటు తప్పా, అమౌంట్ తప్పా? ఈ ఒక్క తనిఖీతో చెప్పలేం. ఇక్కడే ఆగి సరిదిద్దేయకండి.

5. నిలువుగా కూడండి

చదివిన అమౌంట్లు కూడితే 8,904.58. సబ్‌టోటల్ 9,404.58. తేడా మళ్లీ −500.

రెండు తేడాలూ ఒకటే అయ్యాయి చూశారా, అదే సమాధానం. క్వాంటిటీనో రేటునో తప్పు చదివి ఉంటే అడ్డం లెక్క పాడయ్యేది కానీ నిలువు కూడికకు ఏమీ అయ్యేది కాదు, ఎందుకంటే అవి రెండూ ఆ కూడికలో లేవు. అడ్డంగా, నిలువుగా ఒకే తేడాతో తప్పిందంటే రెండింటిలోనూ ఉన్న ఒకే ఒక్క సంఖ్య, అంటే మూడో లైన్ అమౌంట్, తప్పు.

అడ్డం ఒక్కటే తప్పి నిలువు కలిస్తే అమౌంట్ బాగుంది, క్వాంటిటీనో రేటునో చూడండి. అమౌంట్‌ని చదివిన రేటుతో భాగించండి, పూర్ణాంకం వచ్చి, అది చదివిన క్వాంటిటీకి ఒక్క అంకె తేడాలో ఉంటే క్వాంటిటీ మీద అనుమానం. రాకపోతే అమౌంట్‌ని క్వాంటిటీతో భాగించి రేటుతో పోల్చండి.

లైన్లన్నీ అడ్డంగా కలిసి, నిలువు మాత్రం తప్పితే మూడింటిలో ఒకటి: ఏదో లైన్ అసలు చదవలేదు, ఏదో లైన్ రెండుసార్లు చదివింది, లేదా సబ్‌టోటల్‌నే తప్పు చదివింది. రెండు పేజీల ఇన్‌వాయిస్‌లో మొదటి పేజీ చివర, రెండో పేజీ మొదట "ముందు పేజీ మొత్తం" అని ఒక వరుస ఉంటుంది. ఓసీఆర్‌కి అదీ ఒక లైనే. దానికి క్వాంటిటీ, రేటు ఉండవు కాబట్టి, ఆ రెండూ ఖాళీగా ఉండి అమౌంట్ ఒక్కటే ఉన్న లైన్లను ముందు చూడండి.

6. పన్నును సరిచూడండి

లైన్లను పన్ను రేటు వారీగా విడదీసి, ఒక్కో గుంపు మొత్తం మీద పన్ను లెక్కించి, చదివిన పన్నుతో పోల్చండి. 5% గుంపు: 833.33 మీద 41.6665, రౌండ్ చేస్తే 41.67. కలిసింది. 18% గుంపు: చదివిన అమౌంట్ల ప్రకారం 8,071.25, దాని మీద పన్ను 1,452.83. చదివిన పన్ను 1,542.83.

ఇక్కడ జాగ్రత్త. 1,452, 1,542. పక్కపక్కన పెడితే 4, 5 తారుమారైనట్టే కనపడుతుంది, పన్నును తప్పు చదివిందని ఎవరైనా అనుకుంటారు. అంకెలు తారుమారు చేయడం చేత్తో టైప్ చేసేవాళ్లు చేసే తప్పు. ఓసీఆర్ ఎడమ నుంచి కుడికి బొమ్మను చూసుకుంటూ పోతుంది, ఒక అంకెను ఇంకో అంకె అనుకుంటుంది కానీ పక్కపక్క అంకెల స్థానాలు మార్చడం దాని స్వభావం కాదు. అసలు సంగతేమిటంటే తేడా 90. 500 మీద 18% ఎంత? 90. అదే అమౌంట్ తప్పు, మూడో సాక్ష్యం కూడా దాన్నే చూపిస్తోంది.

సబ్‌టోటల్ మీదే అనుమానం వచ్చినప్పుడు పన్నును వెనక్కి నడిపించండి. 1,542.83 ని 0.18 తో భాగిస్తే 8,571.28. పన్ను రౌండ్ చేసిన సంఖ్య కాబట్టి అసలు మొత్తం దీనికి 0.03 అటూ ఇటూ ఉంటుంది. అమౌంట్ 3,840 అయితే గుంపు మొత్తం 8,571.25. ఆ పరిధిలోనే ఉంది.

పన్ను అస్సలు కలవకపోతే, లైన్ల మొత్తం సబ్‌టోటల్‌కి బదులు నేరుగా గ్రాండ్ టోటల్‌కి సరిపోతోందేమో చూడండి. సరిపోతే ఆ రేట్లలో పన్ను కలిసే ఉంది. అప్పుడు పన్ను = మొత్తం × రేటు ÷ (100 + రేటు). మొత్తం మీద తగ్గింపు ఉంటే దాన్ని పన్నుకు ముందు తీశారో తర్వాత తీశారో రెండు విధాలా వేసి, ఏది కలుస్తుందో చూడండి.

7. గ్రాండ్ టోటల్

సబ్‌టోటల్ + పన్నులు + రవాణా లాంటి ఇతర ఖర్చులు + రౌండాఫ్. ఇక్కడ కూడా లెక్కగట్టినవి కాదు, చదివినవే వాడండి: 9,404.58 + 1,542.83 + 41.67 + 0.08 = 10,989.16. చదివిన గ్రాండ్ టోటల్ 10,989.00. తేడా 0.16.

"పదహారు పైసలే కదా, రౌండింగ్ అయి ఉంటుంది" అని వదిలేస్తే రెండో తప్పు దొరక్కుండా పోతుంది. ఈ మెట్టు దగ్గర సడలింపు లేదని చెప్పుకున్నాం కదా. 0.16 అంటే 0.08 కి సరిగ్గా రెట్టింపు. కలపాల్సిన చోట తీసేసినా, తీయాల్సిన చోట కలిపినా తేడా ఎప్పుడూ రెట్టింపే వస్తుంది. రౌండాఫ్ ముందు మైనస్ గుర్తు ఉంది, ఓసీఆర్ దాన్ని వదిలేసింది. మైనస్ సన్నటి గీత, గడి అంచు గీతకు ఆనుకుని ఉంటే అంచులో కలిసిపోతుంది.

రౌండాఫ్ వరుసే లేని ఇన్‌వాయిస్‌లు కూడా ఉంటాయి. గ్రాండ్ టోటల్ .00 తో ముగుస్తూ, తేడా 0.50 లోపు ఉంటే రౌండాఫ్ అచ్చు వేయలేదని అనుకోవచ్చు. ఇది ఒక్కటే ఇక్కడ ఇవ్వదగ్గ మినహాయింపు.

మొత్తం అక్షరాల్లో కూడా రాసి ఉంటే తప్పకుండా పోల్చండి. ఓసీఆర్ అంకెల్లో చేసే తప్పులు వేరు, అక్షరాల్లో చేసే తప్పులు వేరు. రెండూ ఒకే తప్పు సంఖ్యను చెప్పడం చాలా అరుదు.

8. తేడాను చదవండి

పైన రెండుసార్లు చేసింది ఇదే, తేడా ఆకారాన్ని చూడటం. తరచూ కనపడేవి ఇవి.

*సున్నా కాని అంకె ఒక్కటే ఉన్న తేడా:* 500, 60, 0.05 లాంటివి. ఒక అంకెను ఇంకొకటిగా చదివింది. తేడాలో ఉన్న అంకె ఏ జతో కూడా చెబుతుంది: 5 అయితే 3–8, 6 అయితే 1–7, 1 అయితే 5–6, 8 అయితే 0–8, 2 అయితే 6–8 వెతకండి. స్థానం ఎలాగూ తెలుసు. 500 అంటే వందల స్థానంలో 3 గానీ 8 గానీ ఉన్న అమౌంట్లు చూస్తే చాలు. మన ఐదు లైన్లలో అవి రెండే: 3,340.00, 833.33. అందులో చదివిన మొత్తం తక్కువొచ్చింది కాబట్టి 8ని 3గా చదివిన చోటు కావాలి, అంటే ఇప్పుడు 3 ఉన్న చోటు. మిగిలింది ఒక్కటే.

*ఏదో ఒక లైన్ అమౌంట్‌కి సమానమైన తేడా:* చదివిన మొత్తం ఎక్కువొస్తే ఆ లైన్ రెండుసార్లు పడింది. తక్కువొస్తే ఆ తేడా విలువ ఉన్న లైన్ కాగితం మీద ఉంది, మీ పట్టికలో లేదు.

*99 తో భాగిస్తే తెలిసిన సంఖ్య వచ్చే తేడా:* దశాంశ బిందువు ఎగిరిపోయింది. 36.50 ని 3650 అని చదివితే తేడా 3,613.50, అది 36.50 కి సరిగ్గా 99 రెట్లు.

*ఆ సంఖ్యకన్నా పెద్ద స్థానంలో ఉన్న ఒకే అంకె:* 1,460.00 బదులు 21,460.00 వచ్చి తేడా 20,000 అయిందనుకోండి. ముందున్న కరెన్సీ గుర్తును ఓసీఆర్ అంకె అనుకుంది. ఇది ఒక చోట జరిగితే ఆ వరుసంతా జరిగి ఉండే అవకాశం ఎక్కువ.

*లైన్ల మొత్తం సబ్‌టోటల్‌కి అచ్చంగా రెట్టింపు:* సబ్‌టోటల్ వరుసనే ఒక లైన్‌గా తీసుకుంది.

తేడా వీటిలో దేనికీ అమరకపోతే తప్పులు ఒకటి కన్నా ఎక్కువ ఉండి కలగాపులగమయ్యాయి. అప్పుడు నిలువు తేడాను పట్టించుకోకుండా ముందు అడ్డంగా తప్పిన లైన్లను ఒక్కొక్కటిగా చూసుకుని, మళ్లీ కూడండి. మిగిలిన తేడా శుభ్రంగా వస్తుంది.

9. సరిదిద్దడం

లెక్క ఫలానా సంఖ్య కావాలంటోంది కదా అని గడి మార్చేయకూడదు. మూడూ ఉంటేనే మార్చండి: కనీసం రెండు వేర్వేరు తనిఖీలు ఒకే సంఖ్యను అడగాలి, చదివినదానికీ దానికీ తేడా ఓసీఆర్ చేసే రకం తప్పు అయి ఉండాలి, బొమ్మలో ఆ చోటు పెద్దది చేసి చూస్తే మీ కంటికి ఆ అంకె కనపడాలి. మూడో లైన్‌కి మూడూ కుదిరాయి. రౌండాఫ్‌ని సరిచూసే తనిఖీ ఒక్కటే ఉంది కాబట్టి అక్కడ మాత్రం ఆ ఒక్కటీ చాలు, కానీ కన్ను చెప్పేదాకా మార్చకండి.

కన్ను చూసినప్పుడు కాగితం మీద నిజంగానే 3,340.00 అని ఉంటే? అప్పుడు తప్పు ఓసీఆర్‌ది కాదు, ఇన్‌వాయిస్‌ది. దాన్ని సరిదిద్దే హక్కు మీకు లేదు. ఉన్నది ఉన్నట్టు ఉంచి, "కాగితంలోనే తేడా" అని గుర్తు పెట్టి, పంపినవాళ్లను సరైనది అడగండి. ఓసీఆర్ తప్పులకూ కాగితం తప్పులకూ ఒకే గుర్తు వాడితే తర్వాత రెండూ విడదీయలేరు.

టెస్సరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది:

```
tesseract scan.png out --psm 6 tsv
```

ఇది `out.tsv` ఫైల్ ఇస్తుంది. అందులో ప్రతి పదానికీ బొమ్మలో దాని స్థానం (`left`, `top`, `width`, `height`), ఎంత నమ్మకంతో చదివిందో చెప్పే `conf` ఉంటాయి. స్థానం ఉంది కాబట్టి ఆ ముక్కను కత్తిరించి చూడటం తేలిక. `conf` ని ఎక్కడ ముందు చూడాలో తేల్చుకోవడానికి వాడండి, తీర్పు చెప్పడానికి కాదు. తప్పు అంకెను పూర్తి ధీమాతో చదవడం దానికి మామూలే.

ఒక గడి మార్చాక 4 నుంచి 7 దాకా మళ్లీ నడపండి. మన ఉదాహరణలో ఇప్పుడు: లైన్లన్నీ సరే, కూడిక 9,404.58, పన్నులు 1,542.83, 41.67, రౌండాఫ్ −0.08, మొత్తం 10,989.00.

10. మీ తనిఖీనే తనిఖీ చేయండి

అన్నీ కలిసిన ఇన్‌వాయిస్ ఒకటి తీసుకుని కావాలని పాడుచేయండి, ఒక్కసారికి ఒక్కటే. 3,840 ని 3,340 చేయండి, ఒక లైన్ తీసేయండి, రౌండాఫ్ మైనస్ తీసేయండి, ఒక లైన్ పన్ను రేటు 18 ని 5 చేయండి. ప్రతిసారీ ఏదో ఒక తనిఖీ మోగాలి. పన్ను రేటు మార్చినప్పుడు అడ్డం, నిలువు రెండూ నోరు మెదపవు, పన్ను తనిఖీ ఒక్కటే పట్టుకుంటుంది.

నాలుగో లైన్‌ని 833.38 చేసి తప్పకుండా చూడండి. క్వాంటిటీ 250 కాబట్టి అడ్డం తనిఖీ 1.255 దాకా వదిలేస్తుంది, ఇది 0.88 తేడాతో దాటిపోతుంది. నిలువు తనిఖీ 0.05 తేడాతో పట్టుకోవాలి. పట్టుకోకపోతే మీ నిలువు సడలింపు ఎక్కువైంది. లైన్లు పదికి మించిన ఇన్‌వాయిస్‌లో 0.005 చొప్పున ఇచ్చే సడలింపే 0.05 దాటిపోతుంది, అప్పుడు ఇలాంటి తప్పు జారిపోతుంది. అలాంటి పెద్ద ఇన్‌వాయిస్‌లు ఒకే చోటి నుంచి వస్తుంటే, వాళ్ల పాత ఇన్‌వాయిస్‌లు నాలుగైదు కూడి చూడండి. అచ్చైన అమౌంట్లు ప్రతిసారీ అచ్చంగా సబ్‌టోటల్‌కి సరిపోతుంటే వాళ్లకి నిలువు సడలింపు సున్నా చేసేయొచ్చు.

ఈ లెక్కలేవీ పట్టుకోలేనివి కూడా ఉన్నాయి. ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, ఐటం కోడ్ ఏ కూడికలోనూ లేవు, అవి తప్పయితే టోటల్ దర్జాగా కలుస్తుంది. క్వాంటిటీ, రేటు లేకుండా అమౌంట్ మాత్రమే ఉన్న రెండు లైన్లలో, ఒకే స్థానంలో ఒకచోట 3 బదులు 8, ఇంకోచోట 8 బదులు 3 పడితే, పన్ను రేటు కూడా ఒకటే అయితే, అదీ దొరకదు. అలాంటి లైన్లున్న కాగితాలను మాత్రం కళ్లతోనే చదవాలి.